అడ్డం యానిమేషన్‌ను ఫోన్ తెరకు నిలువుగా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ కోసమో, ప్రొజెక్టర్ కోసమో 1920×1080లో చేసిన యానిమేషన్‌ను రీల్స్‌కూ షార్ట్స్‌కూ 1080×1920లో ఇమ్మని అడిగినప్పుడు వచ్చే సందేహాలు ఇవి. మాటలు గాలిలో తేలకుండా మొదటి నుంచి చివరి వరకూ ఒకే ఉదాహరణ పట్టుకుందాం. రైతులకు బిందు సేద్యం గురించి చెప్పే 48 సెకన్ల 2డి యానిమేషన్ అనుకోండి. అందులో అయిదు షాట్లు. బోరు నుంచి తోట దాకా నీళ్లు పారే వైడ్ షాట్, రైతూ వ్యవసాయ అధికారీ మాట్లాడుకునే షాట్, కాలువ పారకానికీ డ్రిప్‌కీ పోలిక, ఒక బార్ చార్ట్, చివర డ్రిప్పర్ నుంచి చుక్క పడే క్లోజప్. తెర మీద మాటలన్నీ తెలుగులోనే.

మధ్య భాగం కత్తిరించి వాడుకుంటే పని అయిపోదా?

క్లోజప్‌కు అయిపోతుంది. మిగతా వాటికి కాదు. 1080 ఎత్తున్న అడ్డం ఫ్రేమ్‌లోంచి నిలువు ముక్క తీస్తే వెడల్పు 608 పిక్సెళ్లే వస్తుంది. అంటే బొమ్మలో మూడో వంతు కూడా మిగలదు. మన మొదటి షాట్‌లో బోరు ఎడమ అంచుకు దగ్గరగా, ఫిల్టర్ మధ్యలో, తోట కుడివైపు ఉన్నాయి. మధ్య ముక్కలో మిగిలేది ఫిల్టర్ ఒక్కటే. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎక్కడికి పోతున్నాయో చూసేవాళ్లకు తెలియదు.

దానికి తోడు ఆ 608ని 1080కి పెంచాలంటే బొమ్మను 178 శాతానికి సాగదీయాలి. వెక్టర్ బొమ్మలైతే తట్టుకుంటాయి. ఫోటోషాప్‌లో రంగులు వేసిన బ్యాక్‌గ్రౌండ్లు, స్కాన్ చేసిన టెక్స్చర్లు మాత్రం మెత్తబడిపోతాయి. మూలం 3840×2160లో ఉంటే ఈ బాధ లేదు. దాని మధ్య ముక్కే 1215 వెడల్పు ఉంటుంది.

ఏ షాట్ కత్తిరింపుకు లొంగుతుందో, ఏది లొంగదో తేల్చుకోవడానికి మాత్రం ఈ కత్తిరింపు బాగా పనికొస్తుంది. అసలు ఫైలు మీద ఈ కమాండ్ నడిపి, వచ్చిన వీడియోను ఒకసారి మొత్తం చూడండి:

```
ffmpeg -i addam.mp4 -vf "crop=608:1080,scale=1080:1920,setsar=1" -c:a copy niluvu.mp4
```

శబ్దం ఆపి చూసినా కథ అర్థమయ్యే షాట్లను పక్కన పెట్టేయండి. మిగతావి చేతిపని.

అడ్డం వీడియోను మధ్యలో ఉంచి, పైనా కిందా మసకబారిన కాపీ పెడితే?

పాత వీడియోల దగ్గర, లేయర్లు పోయిన ఫైళ్ల దగ్గర అంతకంటే దారి లేకపోవచ్చు. అప్పుడు తప్పులేదు. లేయర్లన్నీ చేతిలో ఉండి కూడా ఇది చేస్తే బద్ధకమే. 1080 వెడల్పులో పట్టించిన అడ్డం బొమ్మ ఎత్తు 608కి పడిపోతుంది, అందులోని ప్రతి అక్షరమూ 56 శాతానికి కుదించుకుపోతుంది. అసలులో 48 పిక్సెళ్లున్న లేబుల్ 27 అవుతుంది. మామూలు ఫోన్ మీద అది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఈ పద్ధతి తప్పనప్పుడు బొమ్మలోని మాటలను వదిలేసి, పైన ఖాళీ జాగాలో అవే మాటలు పెద్దగా మళ్లీ రాయండి.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? బొమ్మతోనా, మాటలతోనా?

మాటలతో. చాలామంది ముందు బొమ్మలు సర్దుకుని, మిగిలిన సందుల్లో అక్షరాలు ఇరికిస్తారు. నిలువు ఫ్రేమ్‌లో ఆ సందులు యాప్ బటన్ల కిందే మిగులుతాయి. ముందు యాప్ కప్పేయని పెట్టె ఎంతో తేల్చండి, ఆ పెట్టెలో అక్షరాలకు ఎంత ఎత్తు కావాలో లెక్కకట్టండి, మిగిలింది బొమ్మకివ్వండి. బొమ్మకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. దాని కాళ్లూ చేతులూ పెట్టె దాటి బటన్ల కిందికి పోయినా నష్టం లేదు. మాట పోతే నష్టం.

ఆ పెట్టె, అంటే సేఫ్ ఏరియా, ఎంత ఉంటుంది?

రీల్స్ ప్రకటనల కోసం మెటా ఇచ్చే మార్గదర్శకంలో పైన 14 శాతం, కింద 35 శాతం, రెండు పక్కలా 6 శాతం చొప్పున ఖాళీ వదలమని ఉంటుంది. 1920 ఎత్తులో అది పైన సుమారు 270 పిక్సెళ్లు, కింద 672. అడుగున అంత ఎక్కువ ఎందుకంటే ఖాతా పేరు, క్యాప్షన్, పాట పేరు, ప్రకటన అయితే దాని బటన్, అన్నీ అక్కడే పేరుకుంటాయి. స్టోరీస్‌కు కింద 20 శాతం చాలంటారు. మన వీడియో ప్రకటన కాకపోయినా రీల్స్ లెక్కనే పట్టుకుంటే మంచిది. రేపు క్లయింటు దాన్నే డబ్బు కట్టి ప్రచారం చేయించవచ్చు.

పక్కల విషయంలో నేను 6 శాతంతో ఆగను. ఇప్పటి ఫోన్లు చాలావరకు 9:16 కంటే పొడుగు, 20:9 వరకూ ఉంటాయి. 1080×2400 తెర మీద 9:16 వీడియోను యాప్ రెండు రకాలుగా చూపించవచ్చు. పైనో కిందో ఖాళీ వదిలితే బొమ్మంతా కనిపిస్తుంది. తెర మొత్తం నింపాలని పెద్దది చేస్తే ఒక్కో పక్కా 108 పిక్సెళ్లు తెర బయటికి పోతాయి. ఏ యాప్ ఏ ఫోన్ మీద ఎలా చేస్తుందో మన చేతిలో లేదు కాబట్టి పక్కలకు 108 వదిలేస్తే నిశ్చింత.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది 864 వెడల్పు, 978 ఎత్తు. అంటే దాదాపు చదరం. ఫ్రేమ్ చూడటానికి ఎంత పొడుగ్గా ఉన్నా మాటలకూ ముఖ్యమైన బొమ్మకూ నమ్మకంగా దొరికేది ఈ చదరమే. అదీ ఫ్రేమ్ మధ్యలో కాకుండా కొంచెం పైకి జరిగి ఉంటుంది. దాని నడిమి గీత 960 దగ్గర కాదు, సుమారు 760 దగ్గర.

కుడివైపు లైక్, షేర్ బటన్ల సంగతేంటి?

అవి కుడి అంచున, ఫ్రేమ్ కింది సగంలో నిలువుగా వరుస కడతాయి. వాటిలో ఎక్కువ భాగం మనం కింద వదిలిన 672లోనే పడిపోతుంది. పైన ఉండే ఒకటి రెండు బటన్లు మాత్రం పెట్టె కుడి దిగువ మూలలోకి చొరబడవచ్చు. అందుకే సబ్‌టైటిల్స్‌ను ఆ మూల దాకా సాగనీయకుండా ఎడమకు సర్ది రెండు లైన్లు చేయడం మేలు. సరిహద్దు కచ్చితంగా తెలియాలంటే మీరు ఇవ్వబోయే యాప్‌లో ఏదైనా వీడియో తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, 1080 వెడల్పుకు సర్ది, ప్రాజెక్టులో పై లేయర్‌గా పెట్టుకోండి. యాప్ లేఅవుట్ మారినప్పుడల్లా కొత్త స్క్రీన్‌షాట్ తీయాలి. ఇంటర్నెట్‌లో దొరికే టెంప్లేట్ ఏ ఏడాదిదో చూసుకోకుండా వాడకండి.

యాప్‌కో వెర్షన్ చేయాలా?

అక్కర్లేదు. పైన చెప్పిన పెట్టె కొంచెం పిసినారిగానే కట్టింది కాబట్టి రీల్స్, షార్ట్స్, వాట్సాప్ స్టేటస్ మూడింటికీ ఒకే ఫైలు సరిపోతుంది. యూట్యూబ్ 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల వరకూ నిలువు, చదరపు వీడియోలను షార్ట్స్‌గా తీసుకుంటోంది కాబట్టి మన 48 సెకన్లకు నిడివి ఇబ్బంది కూడా లేదు.

తెలుగు అక్షరాలు ఎంత సైజులో ఉండాలి?

పిక్సెల్ సంఖ్యను ముందు మిల్లీమీటర్లలోకి మార్చుకుంటే విషయం తేలికవుతుంది. 6.5 అంగుళాల, 20:9 ఫోన్ వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు. అందులో 1080 పిక్సెళ్లు పడితే 16 పిక్సెళ్లు ఒక మిల్లీమీటరు. ఆండ్రాయిడ్ యాప్‌లలో మామూలు చదువుకునే అక్షరానికి ఎక్కువగా వాడే సైజు ఈ లెక్కన 48 పిక్సెళ్ల చుట్టూ పడుతుంది, అంటే 3 మిల్లీమీటర్లు. అది కదలకుండా నిలబడి ఉండే అక్షరం. దాన్ని మనకు కావలసినంతసేపు చూడొచ్చు. వీడియోలో మాట రెండు మూడు సెకన్లు ఉండి పోతుంది, వెనక బొమ్మ కదులుతుంటుంది, ఫోను బస్సులోనో పొలం గట్టు మీదో ఊగుతుంటుంది.

అందుకే 48ని నేను గీతగా పెట్టుకుంటాను, దాని కిందికి దేన్నీ దిగనివ్వను. బోరు, ఫిల్టర్ లాంటి లేబుళ్లకు 56. సబ్‌టైటిల్స్‌కు 64. షాట్‌లో ఒక్కటే ముఖ్యమైన వాక్యం ఉంటే 80 నుంచి 96. పేజీ నంబర్లలాంటి చిన్న రాతలు, షరతులు, లోగో కింద నినాదం వీటికి నిలువు వెర్షన్‌లో చోటే ఇవ్వకపోవడం ఉత్తమం. చదవలేని అక్షరం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇంగ్లీషు వెర్షన్‌లో 48 బాగానే ఉంది కదా, తెలుగుకు ఎందుకు పెంచాలి?

ఒకే 48 ఇచ్చినా రెండు లిపుల్లో కంటికి కనిపించే అక్షరం ఎత్తు ఒకటి కాదు. తెలుగు ఫాంట్ ఆ ఎత్తులోనే పైన గుడికీ, కింద ఒత్తుకీ జాగా ఉంచుకోవాలి. కాబట్టి అసలు అక్షరం చిన్నదవుతుంది. ఎంత చిన్నదన్నది ఫాంటును బట్టి మారుతుంది. సైజు సంఖ్యను నమ్మకుండా ‘న’ అని టైపు చేసి దాని ఎత్తు కొలవండి. మన 64 సబ్‌టైటిల్‌లో ఆ ‘న’ 30 పిక్సెళ్లకు తగ్గితే ఫాంట్ మార్చండి, లేదా సైజు పెంచండి.

రెండో కారణం, తెలుగులో అక్షరాల మధ్య తేడా చాలాచోట్ల ఒక చిన్న గీతలోనే ఉంటుంది. ద, ధ. డ, ఢ. ప, ఫ. కి, కీ. వీడియో కంప్రెషన్ మొదట మింగేది ఇలాంటి సన్నని గీతల్నే. అప్‌లోడ్ అయ్యాక ‘ధర’ కాస్తా ‘దర’లా కనిపిస్తే సైజు చాలలేదని అర్థం. అసలు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే ఈ జంటలన్నీ ఒక ఫ్రేమ్‌లో టైపు చేసి, మీరు వాడబోయే ఫాంట్‌లో, సైజులో ఎగుమతి చేసి ఫోన్‌లో చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

బరువు విషయంలో మధ్యేమార్గం పట్టండి. సన్నని ఫాంట్ కరిగిపోతుంది. మరీ లావుపాటి బోల్డ్‌లో ‘ణ’, ‘ఘ’, ‘క్ష’ లాంటి వాటి లోపలి సందులు పూడుకుపోతాయి. మీడియం గానీ సెమీబోల్డ్ గానీ నిలబడుతుంది.

లైన్ల మధ్య ఎంత ఎడం?

ఇంగ్లీషు అలవాటుతో సైజుకు 1.2 రెట్లు ఇస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడిలో దిగబడతాయి. 1.4 నుంచి 1.5 రెట్లు ఇవ్వండి. 64 అక్షరానికి 90 నుంచి 96. పరీక్షకు పై లైనులో ‘లక్ష్మి’, సరిగ్గా దాని కింద పడేలా ‘కీ’ పెట్టి చూడండి. రెండూ తగలకపోతే మిగతావేవీ తగలవు.

లైనుకు ఎన్ని మాటలు పడతాయి? తెర మీద ఎంతసేపు ఉంచాలి?

864 వెడల్పులో 64 సైజు తెలుగు, ఫాంటును బట్టి, 16 నుంచి 18 అక్షరాలు పడుతుంది. మూడు మాటలు, చిన్నవైతే నాలుగు. అడ్డం వెర్షన్‌లో ఒకే లైనులో సాగిన ‘డ్రిప్ పద్ధతిలో నీళ్లు నేరుగా మొక్క వేరు దగ్గరికే చేరతాయి’ అన్న వాక్యం ఇక్కడ రెండు మూడు లైన్లవుతుంది. చదరంలో పావు వంతు దానికే పోవచ్చు. సైజు తగ్గించి ఇరికించాలని అనిపించేది సరిగ్గా ఇక్కడే. సైజు ముట్టుకోకుండా వాక్యాన్ని కత్తిరించండి. వాయిస్ ఓవర్ పూర్తి వాక్యం చెబుతూనే ఉంటుంది, తెర మీద ‘నీళ్లు నేరుగా వేరు దగ్గరికే’ అంటే చాలు. అది ఒకే లైనులో పడుతుంది.

మామూలు వేగంతో బయటికి రెండుసార్లు చదవగలిగినంతసేపు మాట నిలవాలి. అక్షరాలు ఎగిరొచ్చి వాలే యానిమేషన్ ఉంటే, వాలిన తర్వాతి నుంచి లెక్క. లైను విరిచేటప్పుడు అర్థం దగ్గర విరవండి. ‘వేరు’ పై లైనులో, ‘దగ్గరికే’ కింది లైనులో పడితే కన్ను తడబడుతుంది.

మాటల చుట్టూ అవుట్‌లైన్ వేయాలా, వెనక పట్టీ పెట్టాలా?

తెలుగుకు పట్టీయే. అవుట్‌లైన్ లావెక్కితే ఒత్తుకూ అక్షరానికీ మధ్య సందు పూడిపోతుంది. నల్లటి పట్టీని 60, 70 శాతం అపారదర్శకతతో పెట్టి పైన తెల్లటి అక్షరాలు వేస్తే ఏ బొమ్మ మీదైనా చదువుకోవచ్చు. తప్పక అవుట్‌లైనే కావాలంటే గీత అక్షరం వెనక పడేలా సెట్ చేసుకోండి, లేకపోతే అది అక్షరాన్నే లోపలికి తినేస్తుంది.

రంగుల్లో ఒక్క జాగ్రత్త. యాప్‌లలో వీడియో రంగు వివరాలు, వెలుగు వివరాల కంటే తక్కువ రిజల్యూషన్‌లో దాచి ఉంటాయి. అందుకే ఆకుపచ్చ తోట మీద ఎర్ర అక్షరాలు, రెండిటి వెలుగూ సమానంగా ఉంటే, అంచులు చెదిరి కనిపిస్తాయి. ఫ్రేమ్‌ను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అక్కడ చదవగలిగితే రంగులోనూ చదవగలరు.

మన ఉదాహరణలో వైడ్ షాట్‌ను అసలు ఎలా మార్చాలి?

అడ్డంగా పారే నీళ్లను కిందికి పారించాలి. బోరును చదరం పైభాగంలో ఎడమవైపు, 330 ఎత్తు దగ్గర పెట్టండి. ఫిల్టర్‌ను 620 దగ్గర కుడివైపుకి. తోట 900 దగ్గర మొదలై ఫ్రేమ్ అడుగు దాకా పరుచుకుంటుంది. దాని దిగువ సాళ్లు క్యాప్షన్ కింద మునిగిపోయినా ఫర్వాలేదు, అక్కడ ఉన్నది ఇంకొన్ని మొక్కలే. ఈ మూడింటినీ కలుపుతూ పైపు మెలికలు తిరిగి దిగుతుంది.

నీటి ప్రవాహాన్ని షేప్ లేయర్ మీద Trim Pathsతో చేసి ఉంటే మీ అదృష్టం. అది 0 నుంచి 100 శాతం లెక్కలో నడుస్తుంది కాబట్టి గీత బిందువులను కొత్త దారికి జరిపినా కీఫ్రేములు అలాగే ఉంటాయి, వాయిస్ ఓవర్‌తో టైమింగ్ చెడదు. కాకపోతే పైపు పొడవు మారినందువల్ల నీళ్లు ఫిల్టర్‌ను చేరే క్షణం కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, ఆ ఒక్క కీఫ్రేమ్ చూసుకోవాలి.

లేబుళ్లన్నీ అడ్డం వెర్షన్‌లో ఒకేసారి కనిపించేవి. ఇక్కడ నీళ్లు చేరినప్పుడు చేరినదాని పేరే రావాలి, నీళ్లు దాటాక వెళ్లిపోవాలి. ఒకసారికి ఒక్కటే ఉంటుంది కాబట్టి 56కు బదులు 64 ఇచ్చినా సరిపోతుంది.

ఇద్దరు మాట్లాడుకునే షాట్?

రైతు ఎడమ అంచున, అధికారి కుడి అంచున, మధ్యలో చెట్టు. నిలువులో ఈ దూరం ఉండదు. ఇద్దరినీ దగ్గరికి లాగి ఒకరి భుజం ఇంకొకరి ముందుకు వచ్చేలా పెట్టవచ్చు. లేదా ఎవరు మాట్లాడితే వాళ్లకే కట్ చేయవచ్చు. రెండూ కలిపితే బాగుంటుంది. మొదట ఒకటిన్నర సెకను ఇద్దరూ కలిసి కనిపించాలి, ఎవరు ఎటువైపున్నారో తెలిసేలా. ఆ తర్వాత ఒక్కొక్కరి షాట్లు. అప్పుడు రైతు ఎడమకు జరిగి కుడివైపు చూస్తుండాలి, అధికారి కుడికి జరిగి ఎడమవైపు. ఇద్దర్నీ నట్టనడుమ పెడితే గోడతో మాట్లాడుతున్నట్టుంటారు. పెదాల కదలిక లేయర్లు ముట్టుకోనక్కర్లేదు కాబట్టి లిప్ సింక్ చెక్కుచెదరదు. తలలు 350 నుంచి 750 మధ్య, సబ్‌టైటిల్ 1040 నుంచి 1240 మధ్య ఉంటే ఒకదానికొకటి అడ్డం రావు.

పోలిక షాట్, చార్ట్?

ఎడమ కుడి పోలిక పైనా కిందా పోలికవుతుంది, అది అందరికీ తోస్తుంది. తోచనిది విభజన గీత స్థానం. ఫ్రేమ్ సగంలో, 960 దగ్గర గీస్తే కింది బొమ్మలో కనిపించే భాగం 288 పిక్సెళ్లే, డ్రిప్ బొమ్మ చాలావరకు క్యాప్షన్ పాలవుతుంది. గీతను చదరం సగానికి, 760 దగ్గరికి తేవాలి. కింది భాగంలో ముఖ్యమైనదంతా 1248 లోపు ముగించి, మిగతా చోట నేల రంగు నింపేయండి.

బార్ చార్ట్‌ను నిలువు ఫ్రేమ్ కదా అని నిలువు బార్లు చేయకండి. సన్నని బార్ కింద ‘కాలువ పారకం’ అన్న పేరు పట్టక రెండు ముక్కలవుతుంది. బార్లను అడ్డంగానే ఉంచి, ఎడమవైపున్న పేర్లను ఒక్కో బార్ నెత్తికి ఎక్కించండి. పేర్లు తినేసిన వెడల్పంతా బార్లకు తిరిగొస్తుంది. బార్లన్నిటినీ ఒకే నిష్పత్తిలో సాగదీయాలి, లేకపోతే పోలికే అబద్ధమవుతుంది.

కదలికలు ఒక్కసారిగా వేగంగా అనిపిస్తున్నాయి. ఎందుకు?

దారి చిన్నదైంది గనుక. అడ్డం ఫ్రేమ్‌ను రెండు సెకన్లలో దాటే ఎడ్లబండి, కత్తిరించిన 608 పిక్సెళ్ల కిటికీని 0.6 సెకన్లలో దాటేస్తుంది. కన్ను దాన్ని పట్టుకునేలోపు వెళ్లిపోతుంది. బండిని మెల్లగా నడిపిస్తే చక్రాలూ ఎడ్ల కాళ్లూ కూడా మెల్లగా తిరగాలి, లేకపోతే నేల మీద జారుతున్నట్టుంటుంది. అందుకే నేను దిశ మార్చడాన్నే ఇష్టపడతాను. పక్క నుంచి పక్కకు కాకుండా దూరం నుంచి మనవైపు, లేదా పై మూల నుంచి కింది మూలకు ఏటవాలుగా. దానికి కావలసిన కొత్త డ్రాయింగ్‌కు వీలు లేకపోతే, బండితో పాటు కెమెరా కదలాలి, వెనక చెట్లు జరగాలి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఎక్కడ దెబ్బ తింటారు?

డూప్లికేట్ దగ్గర. ప్రధాన కంపోజిషన్‌ను Ctrl+Dతో కాపీ చేస్తే లోపలున్న ప్రీకంప్‌లు కాపీ కావు, రెండు వెర్షన్లూ వాటినే పంచుకుంటాయి. నిలువులో రైతును కొంచెం పక్కకు జరిపితే, ఆమోదం పొందిన అడ్డం వెర్షన్‌లోనూ జరిగిపోతాడు. ఎవరూ చూడకుండా ఆ ఫైలు మళ్లీ రెండర్‌కు వెళ్తే టెన్షనే. ప్రాజెక్టు ఫైలునే వేరే పేరుతో సేవ్ చేసుకుని అందులో పనిచేయడం అన్నిటికంటే సురక్షితం.

పెద్దది చేసిన వెక్టర్ బొమ్మలు మసకగా కనిపిస్తే ఆ ప్రీకంప్ లేయర్ మీద Collapse Transformations స్విచ్ వేయండి. అప్పుడు 178 శాతం దగ్గర కూడా గీతలు పదునుగా వస్తాయి. దీనివల్ల ప్రీకంప్ అంచుల దగ్గర ఆగిపోయిన బొమ్మలు బయటికి కనిపించడం మొదలవుతుంది. నిలువుకు అది తరచూ మేలే చేస్తుంది, పైన దాగి ఉన్న ఆకాశం ఉచితంగా దొరుకుతుంది.

తెలుగు టెక్స్ట్‌ను ఒక్కో అక్షరంగా యానిమేట్ చేస్తే ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట తేలే ప్రమాదముంది. రేంజ్ సెలెక్టర్‌లో Based On దగ్గర Words ఎంచుకోండి. మాటలు మాటలుగా వస్తాయి, చదవడానికీ అదే సుఖం.

బ్లెండర్‌లో రిజల్యూషన్ తారుమారు చేస్తే అంతా దగ్గరికి వచ్చేసింది. ఏం జరిగింది?

కెమెరాలో Sensor Fit అన్నది Autoలో ఉంది. Autoలో లెన్స్ కోణం ఎప్పుడూ పొడవాటి వైపుకు వర్తిస్తుంది. 50 మి.మీ. లెన్స్, 36 మి.మీ. సెన్సర్‌తో అడ్డం ఫ్రేమ్‌లో వెడల్పు కోణం దాదాపు 40 డిగ్రీలు. నిలువు చేయగానే ఆ 40 ఎత్తుకు పోయి, వెడల్పు 23 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. Sensor Fitను Horizontalకు మారిస్తే పాత వెడల్పంతా తిరిగొస్తుంది, కానీ ఎత్తు కోణం 65 డిగ్రీలు దాటుతుంది. సెట్ పైభాగమూ నేల అంచూ బయటపడతాయి. మధ్యలో ఎక్కడో ఆగి, కెమెరాను కొంచెం వెనక్కి జరపడమే సాధారణంగా కుదిరేది.

ప్రీమియర్‌లో Auto Reframe ఉంది కదా?

ఒక మనిషి కదులుతూ మాట్లాడే వీడియోకు బాగా పనిచేస్తుంది. యానిమేషన్‌లో నీటి చుక్కా, ఊగే ఆకూ, తిరిగే మోటారూ అన్నీ ఒకేసారి కదులుతుంటే దేని వెంట పోవాలో దానికి తేలదు, ఫ్రేమ్ అటూ ఇటూ తచ్చాడుతుంది. బొమ్మలో కలిసిపోయిన అక్షరాలను అది కత్తిరించేస్తుంది కూడా. లేయర్లు లేని ఫైలుతో తొందరగా ఒక చిత్తుప్రతి చూపించాల్సినప్పుడు వాడుకోండి.

చివరి తనిఖీ ఎలా?

ముందు సేఫ్ పెట్టె గీసిన కాపీ ఒకటి తీసి, ఆపి ఆపి చూడండి:

```
ffmpeg -i final.mp4 -vf "drawbox=x=108:y=270:w=864:h=978:color=red:t=4" -c:a copy tanikhi.mp4
```

ఎర్ర గీత దాటిన మాట ఏదైనా ఉంటే అక్కడే రాసుకోండి. తర్వాత గీతలు లేని ఫైలును ఫోన్‌కు పంపండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ కుదించి మీ అక్షరాలను మీరే అనుమానించేలా చేస్తుంది. వెలుగు సగానికి తగ్గించి, శబ్దం ఆపి, చేయి చాచిన దూరంలో చూడండి. ఆపైన యాప్‌లో ప్రైవేటుగా అప్‌లోడ్ చేసి, అసలు బటన్ల మధ్య చూడాలి. యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా పెట్టడం తేలికే.

అప్‌లోడ్ చేశాక వీడియో నాలుగు పక్కలా నల్ల అంచులతో చిన్నగా కనిపిస్తే, మీరు 1920×1080 కాన్వాస్ మధ్యలో నిలువు బొమ్మ పెట్టి ఎగుమతి చేశారని అర్థం. ఫైలు కొలతే 1080×1920 ఉండాలి.

ముఖచిత్రం గురించి?

ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గడుల్లో 2025 నుంచి 3:4 కొలత కనిపిస్తోంది. 1080 వెడల్పుకు అది 1440 ఎత్తు, అంటే పైనా కిందా 240 చొప్పున పోతుంది. మన పెట్టె 270 దగ్గరే మొదలవుతుంది కాబట్టి అందులో రాసిన శీర్షిక కవర్‌లోనూ కత్తిరించబడదు.

తర్వాతి ప్రాజెక్టు మొదటి నుంచీ రెండింటికీ చేయాలంటే?

బ్యాక్‌గ్రౌండ్లు 1920×1920లో గీయించండి. దాన్నుంచి అడ్డం ఫ్రేమూ నిలువు ఫ్రేమూ రెండూ సాగదీయకుండా వస్తాయి, రెండింటికీ ఉమ్మడిగా మధ్యలో 1080×1080 చదరం మిగులుతుంది. స్టోరీబోర్డులోనే ఆ చదరం గీసి, ముఖాలూ చేతులూ అందులో పడేలా చూడండి. మాటలను మాత్రం ఏ బ్యాక్‌గ్రౌండ్‌లోనూ కలపకుండా విడి లేయర్లుగా, రెండు వెర్షన్లకూ రెండు సెట్లుగా ఉంచాలి. వైడ్ షాట్లకు అప్పటికీ రెండు అమరికలు తప్పవు. ఆ పనిని కొటేషన్‌లో వేరే లైనుగా రాసి, ఏ షాట్లకు రెండుసార్లు లేఅవుట్ చేయాలో స్టోరీబోర్డు మీదే గుర్తు పెట్టి క్లయింటు సంతకం తీసుకోండి.